సిగ్నల్ దొరకని చోట ఫోన్ బ్యాటరీ ఎందుకు అంత తొందరగా అయిపోతుంది? పత్తర్‌గట్టి గోదాములో మేం కట్టిన లెక్క

ఈ ఎపిసోడ్‌లో చాలామంది అడిగే ఒక ప్రశ్న తీసుకున్నాను. "ఇంట్లో ఉంటే ఫోన్ రోజంతా వస్తుంది, షాపుకి వెళ్తే సాయంత్రానికే చచ్చిపోతుంది, బ్యాటరీ మార్చాలా?" అని. దీనికి నేను పుస్తకంలోంచి జవాబు చెప్పను. మా ఇంట్లో జరిగిందే చెప్తాను. ఎందుకంటే ఈ విషయంలో మేం పద్దెనిమిది వందలు అనవసరంగా పోగొట్టుకున్నాం, అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి తగిలింది.

మాది గౌలిపుర. మా కాక పత్తర్‌గట్టిలో ఒక హోల్‌సేల్ బట్టల దుకాణంలో గుమాస్తా. కూర్చునేది ముందు కాదు, వెనక గోదాములో. పొద్దున పదింటికి ఫుల్ ఛార్జింగ్‌తో వెళ్తాడు. సాయంత్రం ఆరయ్యేసరికి ఫోన్ ఆఫ్. ఫోన్ కొని రెండేళ్లయింది కాబట్టి, రిపేర్ షాపు అతను చూసి "బ్యాటరీ పోయింది అన్నా" అన్నాడు. పద్దెనిమిది వందలు ఇచ్చి కొత్తది వేయించాడు. ఏమైంది? ఆరింటికి ఆఫ్ అయ్యేది ఏడున్నరకి ఆఫ్ అవడం మొదలైంది. అంతే.

ఒక రోజు రాత్రి ఎనిమిదింటికి మా నానమ్మ బాత్రూమ్‌లో జారి పడింది. చిన్నమ్మ కాకకి పదకొండు సార్లు ఫోన్ చేసింది. స్విచ్ ఆఫ్. చివరికి పక్కింటి అబ్బాయి బండి మీద పత్తర్‌గట్టి దాకా వెళ్లి పిలుచుకొచ్చాడు. మణికట్టు దగ్గర ఎముక విరిగింది, ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఆ రాత్రి ఆస్పత్రి నుంచి వచ్చాక కాక నా ముందు ఫోన్ పెట్టి, "అరే, నువ్వు గివన్నీ వీడియోలల్ల చెప్తవ్ కదా. కొత్త బ్యాటరీ ఏసినా గిట్లెందుకైతుందో జర చూడు" అన్నాడు. సరే అని ఆదివారం కూర్చున్నాం.

ముందు ఒక చిన్న పరీక్ష చేశాం. ఆదివారం ఇంట్లో పొద్దున పదింటికి వంద శాతం పెట్టి, మామూలుగా వాడుకుంటూ సాయంత్రం ఐదింటికి చూశాం. 78 ఉంది. సోమవారం అదే ఫోను, అదే బ్యాటరీ, అదే పదింటి నుంచి ఐదింటి దాకా గోదాములో. 31. అంటే ఇంట్లో 22 శాతం తిన్నది, గోదాములో 69 శాతం తిన్నది. బ్యాటరీ చెడిపోతే రెండు చోట్లా చెడిపోవాలి కదా? చోటు మారితే ఖర్చు మారుతోందంటే, దోషం బ్యాటరీలో లేదు. ఆ చోట్లో ఉంది.

మంగళవారం నేను కూడా కాకతో వెళ్లాను. మీ ఫోన్లో కూడా ఇది చూసుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో Settings లోకి వెళ్లి About phone, అందులో SIM status నొక్కితే Signal strength అని ఒక అంకె కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో డయల్ ప్యాడ్ మీద `*#*#4636#*#*` కొట్టినా వస్తుంది. ఐఫోన్ అయితే `*3001#12345#*` కొట్టి కాల్ బటన్ నొక్కాలి. ఆ అంకె ఎప్పుడూ మైనస్‌లో ఉంటుంది, పక్కన dBm అని ఉంటుంది. సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే సిగ్నల్ అంత బాగున్నట్టు. ఫోర్‌జీలో మైనస్ 80, 85 అంటే బాగుంది. మైనస్ 100 అంటే ఫరవాలేదు. మైనస్ 115 దాటితే కష్టం. పైన కనిపించే గీతల్ని నమ్మొద్దు. ఎంతకి ఎన్ని గీతలు చూపించాలో ఫోన్ తయారుచేసేవాళ్లు ఎవరికి వాళ్లు పెట్టుకుంటారు.

దుకాణం ముందు, రోడ్డు మీద నిలబడితే మైనస్ 84 వచ్చింది. లోపల గోదాములో కాక కూర్చునే గద్దె దగ్గర మైనస్ 117. తేడా 33. వినడానికి చిన్నగా ఉంది కదా? కానీ ఈ డెసిబెల్ లెక్కలో ప్రతి పదికి పది రెట్లు, ప్రతి మూడుకి రెట్టింపు. అంటే పది ఇంటూ పది ఇంటూ పది, మళ్లీ ఇంటూ రెండు. రెండు వేల రెట్లు. రోడ్డు మీద అందే సిగ్నల్‌లో రెండు వేలో వంతు మాత్రమే కాక గద్దె దగ్గరికి చేరుతోంది. నడిస్తే మాత్రం అది నలభై అడుగులు కూడా లేదు.

ఎందుకలా? పత్తర్‌గట్టి పేరులోనే జవాబు ఉంది. పత్తర్ అంటే రాయి. 1908 మూసీ వరదల తర్వాత, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో ఆ బోర్డు ఈ బజారుని గ్రానైట్ రాయితో కట్టించింది. మదీనా నుంచి గుల్జార్ హౌజ్ వైపు నడుస్తుంటే రెండు పక్కలా కనిపించే ఆ కమాన్లు అవే. వాటి వెనక ఇంకా పాత గోడలున్నాయి, రాయీ గచ్చుతో మందంగా కట్టినవి. దుకాణం లోపల చుట్టూ ఇనుప ర్యాకులు, గోదాముకి ఇనుప షట్టర్. రేడియో తరంగానికి ఇనుము అంటే దాదాపు అద్దం లాంటిది, తిప్పి కొడుతుంది. మందమైన రాతిగోడ చాలావరకు తాగేస్తుంది. పాతబస్తీలో టవర్లు లేవా అంటే ఉన్నాయి, మేడల మీద కనిపిస్తూనే ఉంటాయి. కానీ గల్లీ సన్నగా ఉండి, లోపలికి ఒకదాని వెనక ఒకటి గదులుంటే, టవర్ వంద గజాల్లో ఉన్నా గోదాములోకి చేరేది మిగిలిందే.

సరే, సిగ్నల్ తక్కువైంది. దానికీ బ్యాటరీకీ సంబంధం ఏంటి? అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది.

మామూలుగా మంచి సిగ్నల్‌లో మీ ఫోన్ జేబులో ఉన్నప్పుడు ఏం చేస్తుందో తెలుసా? నిద్రపోతుంది. స్క్రీన్ సంగతి కాదు నేను చెప్పేది, లోపలి రేడియో సంగతి. సుమారు సెకనుంబావుకి ఒకసారి లేచి, సెకనులో చిన్న ముక్కసేపు టవర్ మాట వింటుంది. "నాకేమన్నా కాల్ ఉందా? లేదా? సరే" అని మళ్లీ పడుకుంటుంది. వాచ్‌మన్ అప్పుడప్పుడు కన్ను తెరిచి గేటు చూసి మళ్లీ కునుకు తీసినట్టు. సిగ్నల్ బాగుంటే పక్క టవర్లని చూడాల్సిన పని కూడా చాలావరకు ఉండదు. అందుకే ఊరికే పడి ఉన్న ఫోన్ రాత్రంతా రెండు మూడు శాతమే తింటుంది.

సిగ్నల్ ఒక హద్దు కంటే పడిపోయిందనుకోండి, అప్పుడు ఈ నిద్ర చెడిపోతుంది. లేచినప్పుడల్లా "ఈ టవర్ సరిగ్గా వినబడటం లేదు, పక్కన ఇంకోటి బాగుందా?" అని వేరే టవర్లని, వేరే బ్యాండ్లని కొలవడం మొదలుపెడుతుంది. ఒకటి కొంచెం బాగుందని దానికి మారుతుంది. రెండు నిమిషాల్లో అదీ పడిపోతుంది, మళ్లీ పాతదానికి వస్తుంది. కొన్నిసార్లు ఆ రెండు టవర్లూ నెట్‌వర్క్ లెక్కలో వేరే వేరే ఏరియాల్లో ఉంటాయి. అప్పుడు మారినప్పుడల్లా ఫోన్ "నేనిప్పుడు ఈ ఏరియాలో ఉన్నాను, కాల్ వస్తే ఇక్కడికి పంపండి" అని కబురు పంపాలి. కబురు పంపాలంటే వినడంతో సరిపోదు, ఫోన్ కూడా గట్టిగా మాట్లాడాలి. మీరు ఫోన్ ముట్టుకోకపోయినా ఇదంతా నడుస్తూనే ఉంటుంది.

ఇక పూర్తిగా సిగ్నల్ పోయిందనుకోండి. పైన No service అని వస్తుంది. చాలామంది ఏమనుకుంటారంటే, సిగ్నల్ లేదు కాబట్టి ఫోన్ ఖాళీగా ఉంది అని. కాదు, అప్పుడే దానికి ఎక్కువ పని. ముందు తనకు గుర్తున్న చానళ్లలో వెతుకుతుంది. దొరక్కపోతే మొత్తం జల్లెడ పడుతుంది. ఒక ఉదాహరణ చెప్తా. మన దగ్గర ఫోర్‌జీకి ఎక్కువగా వాడే 1800 బ్యాండ్‌లో టవర్ నుంచి ఫోన్‌కి వచ్చే భాగం వెడల్పు 75 మెగాహెర్ట్జ్. అందులో ఫోర్‌జీ చానల్ ప్రతి 100 కిలోహెర్ట్జ్‌కి ఒకచోట ఉండే అవకాశం ఉంది. అంటే ఒక్క బ్యాండ్‌లోనే వెతకాల్సిన చోట్లు ఏడు వందల యాభై. ఇలాంటి బ్యాండ్లు మన ఫోన్లలో చాలా ఉంటాయి. 850, 900, 2100, 2300, వీటికి తోడు ఫైవ్‌జీవి. ఎక్కడ కొంచెం శబ్దం వినిపించినా ఆగి, "ఇది టవరేనా?" అని పోల్చుకోవాలి, అది మన కంపెనీదో కాదో చదవాలి. అంతసేపూ రిసీవర్, దాని ప్రాసెసర్ నిద్రపోకుండా పనిచేస్తూనే ఉంటాయి.

ఫోన్ తయారుచేసినవాళ్లకీ ఇది తెలుసు. అందుకే దొరకని కొద్దీ వెతుకులాట మధ్య విరామం పెంచుకుంటూ పోతుంది ఫోన్. సిగ్నల్ పూర్తిగా లేని చోట గంటలకొద్దీ పెడితే కొంత సర్దుకుంటుంది. అసలు చెడ్డ చోటు ఏంటంటే, ఉండీ ఉండనట్టు ఉండేది. దొరుకుతుంది, పోతుంది, మళ్లీ దొరుకుతుంది. పోయిన ప్రతిసారీ విరామం లెక్క మొదటికి వచ్చి, వెతుకులాట మళ్లీ జోరుగా మొదలవుతుంది. కాక గోదాము సరిగ్గా అలాంటిది. ఎవరన్నా షట్టర్ ఎత్తితే మైనస్ 108, దించితే మైనస్ 120. నా కళ్లముందే అంకె అలా ఊగింది.

ఇంతవరకూ వినడం, వెతకడం. ఇంకో సగం ఉంది, అది మాట్లాడటం. సిగ్నల్ బలహీనంగా ఉన్నా మెసేజ్ వెళ్లాలి కదా. గల్లీలో పక్కనే ఉన్న మనిషితో గొంతు తగ్గించి మాట్లాడతాం. ఆ చివర ఉన్నవాణ్ణి పిలవాలంటే అరుస్తాం. ఫోన్ కూడా అంతే. టవర్ దగ్గరుంటే ఒక మిల్లీవాట్ కంటే తక్కువతో పని అయిపోవచ్చు. గోడ అడ్డొస్తే ఎంత నష్టమో అంత పెంచుకుంటూ పోతుంది. మొదటి పిలుపుకి టవర్ పలక్కపోతే, రెండోసారి ఇంకొంచెం గట్టిగా, మూడోసారి ఇంకా గట్టిగా పిలుస్తుంది. ఫోర్‌జీ ఫోన్‌కి మామూలుగా గరిష్ఠ హద్దు 200 మిల్లీవాట్లు. అది బయటికి వెళ్లే శక్తి మాత్రమే. దాన్ని పుట్టించే యాంప్లిఫైయర్ తీసుకున్నదాంట్లో సగానికి పైగా వేడిగా పోగొడుతుంది. కాక ఫోన్ ఛార్జింగ్‌లో లేకపోయినా వెనక వెచ్చగా ఉండేది ఇందుకే.

ఆ 200 హద్దు దగ్గరికి చేరాక ఇంక అరవలేదు. అప్పుడేం చేస్తుంది? నెమ్మదిగా, ఒక్కో మాట విడదీసి చెప్తుంది. వినబడలేదంటే మళ్లీ చెప్తుంది. అంటే అదే ఫోటో వెళ్లడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. బ్యాటరీ ఖర్చంటే ఎంత గట్టిగా అనేది ఒకటే కాదు, ఎంతసేపు అనేది కూడా. ఇక్కడ రెండూ పెరిగాయి.

కాక పని మీద ఒక లెక్క వేశాను. ఇవి కచ్చితమైన కొలతలు కావు, అంచనాలే, కానీ తేడా ఎంతో తెలుస్తుంది. కాక రోజూ సుమారు వంద బట్టల ఫోటోలు బేరగాళ్లకు వాట్సాప్‌లో పంపుతాడు, డిజైన్ స్పష్టంగా కనబడాలని హెచ్‌డీలో. ఒక్కోటి 2 ఎంబీ అనుకుందాం. బయట మంచి సిగ్నల్‌లో అది ఒక్క సెకనులో వెళ్లిపోతుంది. తర్వాత రేడియో వెంటనే పడుకోదు, ఇంకేమన్నా వస్తుందేమో అని ఓ పది సెకన్లు మేలుకొని ఉంటుంది. ఆ పదకొండు సెకన్లు ఒక వాట్ చొప్పున తింటే 11 జౌళ్లు. గోదాములో అదే ఫోటోకి 32 సెకన్లు పట్టింది, గడియారం పెట్టి చూశాను. పూర్తి అరుపు కాబట్టి రెండు వాట్లు అనుకుంటే 64 జౌళ్లు, తర్వాతి పది సెకన్లకి ఇంకో పది. మొత్తం 74. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీలో దాదాపు 69,000 జౌళ్లుంటాయి. వంద ఫోటోలకి బయటైతే 1,100 జౌళ్లు, అంటే ఒకటిన్నర శాతం. గోదాములో 7,400, అంటే దాదాపు పదకొండు శాతం. ఫోటోలకే ఇంత. కాల్స్, మధ్యలో ఆగిపోయి మళ్లీ మొదలయ్యే అప్‌లోడ్లు, పైన చెప్పిన వెతుకులాట, అన్నీ దీనికి అదనం.

ఇక్కడ కాక ఒక మంచి ప్రశ్న వేశాడు. "రెండు గీతలు కనవడుతున్నయ్ కదరా, మరి మెసేజ్ ఎందుకు పోతలేదు?" గీతలు చెప్పేది టవర్ మాట మనకెంత వినబడుతోందో మాత్రమే. టవర్ పదుల వాట్లతో మాట్లాడుతుంది. మన ఫోన్ వాట్‌లో ఐదో వంతుతో. మైకులో మాట్లాడేవాడి మాట మీకు వినబడుతుంది, మీరు కింద నుంచి అరిస్తే వాడికి వినబడదు. వినగలిగి చెప్పలేని ఆ చోటే బ్యాటరీని ఎక్కువ తినేది.

మరి కొత్త బ్యాటరీ వేశాక గంటన్నర ఎందుకు పెరిగింది అంటారా? పాత బ్యాటరీ నిజంగానే కొంచెం బలహీనపడింది. అలాంటి బ్యాటరీ నుంచి ఫోన్ ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ లాగితే వోల్టేజ్ దిగిపోయి, ఇంకా పది పన్నెండు శాతం చూపిస్తూనే టక్కున ఆఫ్ అవుతుంది. సిగ్నల్ లేని చోట అలా లాగడాలు ఎక్కువ. రిపేర్ షాపు అతను అబద్ధం చెప్పలేదు, సగమే చెప్పాడు.

ఇక ఏం చేశామో చెప్తా. ఒక్కసారే అన్నీ మార్చలేదు, మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. కాక ఫోన్లో రెండు సిమ్‌లు. రెండోది ఎప్పుడో తీసుకున్న వేరే కంపెనీది, గోదాములో దానికి సిగ్నలే లేదు. అంటే ఒక సిమ్ కోసం ఒక వెతుకులాట, ఇంకో సిమ్ కోసం ఇంకోటి. బుధవారం Settings లో ఆ సిమ్ ఒక్కటే ఆఫ్ చేశాం. సాయంత్రం ఐదింటికి 31 బదులు 43 ఉంది. పైసా ఖర్చు లేదు.

గురువారం రెండు పనులు. దుకాణంలో బ్రాడ్‌బ్యాండ్ ఉంది, కానీ వైఫై గోదాము దాకా రావట్లేదు. రౌటర్‌ని మధ్య తలుపు దగ్గరికి జరిపించి, ఫోన్లో Wi-Fi calling ఆన్ చేశాం. ఇప్పుడు ఫోటోలు, కాల్స్ అన్నీ ఇరవై అడుగుల దూరంలో ఉన్న రౌటర్‌తోనే. అరవాల్సిన పని లేదు. ఫోన్‌ని కూడా గద్దె మీద కాకుండా తలుపు పక్క గూట్లో పెట్టాం, అక్కడ మైనస్ 103. సాయంత్రం ఐదింటికి 69. రాత్రి దుకాణం కట్టేసి తొమ్మిదిన్నరకి ఇంటికొచ్చేసరికి ఇంకా యాభై దగ్గర ఉంది.

వైఫై లేనివాళ్లు ఏం చేయాలి? ఫైవ్‌జీ ఫోన్ అయితే అలాంటి చోట Preferred network type లో ఫోర్‌జీ వరకే పెట్టి చూడండి. మన దగ్గర ఫైవ్‌జీ ఎక్కువగా నడిచే 3300 బ్యాండ్ గోడల్లోంచి తక్కువగా దూరుతుంది, గుమ్మం దగ్గర దొరికి లోపలికి రాగానే పోతుంది. అదే 850, 900 లాంటి తక్కువ బ్యాండ్లు లోపలి దాకా వస్తాయి. పూర్తిగా సిగ్నల్ లేని సెల్లార్‌లో గంట పని ఉంటే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి. ఎలాగూ కాల్ రాదు, వెతుకులాట అన్నా ఆగుతుంది. బయటికి రాగానే తీసేయడం మాత్రం మరవొద్దు.

ఒకటి మాత్రం చేయకండి. సిగ్నల్ బూస్టర్ అని కొందరు పెట్టె అమ్ముతారు. లైసెన్స్ లేకుండా అది పెట్టడం మన దేశంలో చట్టవిరుద్ధం. అది మీ సిగ్నల్‌తో పాటు రొదను కూడా పెంచి టవర్ మీదికి వదులుతుంది, చుట్టుపక్కల అందరి ఫోన్లూ ఇంకా గట్టిగా అరవాల్సి వస్తుంది. అంటే మీ గోదాము కష్టం గల్లీ మొత్తానికి పంచినట్టు.

ఇంకొక తేడా కూడా గమనించండి. రంజాన్ రాత్రుళ్లు చార్మినార్ దగ్గర నిలబడితే అంకె మైనస్ 80 ఉంటుంది, అయినా బ్యాటరీ దిగుతుంది. అక్కడ సిగ్నల్ లేక కాదు. వేలమంది ఒకే టవర్ మీద ఉండేసరికి ఫోన్ తన వంతు కోసం మేలుకొని ఎదురుచూస్తూ, పోని మెసేజ్‌ని మళ్లీ మళ్లీ పంపుతుంది. అంకె బాగుండి నెట్ నడవకపోతే అది రద్దీ. అంకె మైనస్ 115 దాటితే అది గోడ. గోడకి చెప్పిన మందు రద్దీకి పనిచేయదు.

కాబట్టి బ్యాటరీ మార్పించే ముందు ఒక సెలవు రోజు ఇంట్లో, ఒక పని రోజు షాపులో, అదే గంటల మధ్య ఎంత దిగిందో కాగితం మీద రాసుకోండి. రెండు చోట్లా ఒకేలా దిగితే బ్యాటరీనే, మార్చండి. షాపులోనే దిగితే డబ్బులు దాచుకుని ముందు ఆ అంకె చూడండి.

మొన్న చిన్నమ్మ రాత్రి ఎనిమిదింటికి కావాలనే కాకకి ఫోన్ చేసింది. రెండో రింగుకే ఎత్తాడు. "ఏం లే, ఎత్తుతవో లేదో చూద్దామని" అని పెట్టేసింది.